ఛాతీ పట్టీ ఫోన్‌కి ఎందుకు దొరకదు?

ఉప్పల్‌లో ఉండే మా మేనల్లుడు రోజూ పొద్దున్నే పరుగుకు వెళ్తాడు. గుండె వేగం తెలుసుకోవడానికి ఛాతీకి సెన్సర్ పట్టీ కట్టుకుంటాడు. సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మామయ్యా, ఇంట్లో ఎంతసేపు వెతికినా యాప్‌కి ఇది కనబడదు. పార్కుకి వెళ్ళి కాసేపు పరుగెత్తాక మాత్రం దానంతట అదే దొరుకుతుంది. ఫోన్ ఆపి వేశాను, యాప్ తీసేసి మళ్ళీ పెట్టాను. ఏం చేసినా ఇంతే."

ఇలాంటప్పుడు అందరం ముందు ఫోన్‌నే అనుమానిస్తాం. వెతుకుతున్నట్టు కనిపించేది అదే కదా. నిజానికి ఈ వ్యవహారంలో పిలిచేది ఫోన్ కాదు, పట్టీ. "నేనిక్కడున్నాను" అని సెన్సర్ బ్లూటూత్‌లో చిన్న చిన్న కేకలు వేస్తూ ఉంటుంది, ఫోన్ చెవి ఒగ్గి వింటుంది. తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తుకు అర్థం ఫోన్ ఎదురుచూస్తోందని మాత్రమే. అందుకే పట్టీ దొరకనప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న: అసలు అది కేక వేస్తోందా?

సెన్సర్ మూగబోవడానికి సాధారణంగా మూడు కారణాలుంటాయి. అది నిద్రలో ఉండవచ్చు, కేక వేసే సత్తువ లేకపోవచ్చు, లేదా ఈపాటికే మరొకరితో మాటల్లో ఉండవచ్చు. మావాడు చెప్పిన దాంట్లో ఒక మంచి ఆధారం ఉంది: ఇంట్లో దొరకదు, పార్కులో దొరుకుతుంది. అయితే దీన్నిబట్టి రెండు కారణాలను అనుమానించవచ్చు. పరుగెత్తాక చెమట పట్టి సెన్సర్ నిద్రలేచి ఉండాలి. లేదా ఇంట్లో దాన్ని పట్టుకుని ఉంచిన వస్తువేదో పార్కుకి వెళ్ళేసరికి దూరమై ఉండాలి. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడమే మా పని అయింది.

పొడి ప్యాడ్లు, నిద్రపోయే సెన్సర్

పట్టీని తిప్పి చూస్తే చర్మానికి ఆనే వైపు రెండు ప్యాడ్లు ఉంటాయి. కొన్నిటిలో అవి కరెంటు పారే రబ్బరుతో, కొన్నిటిలో కరెంటు పారే దారం కలిపి నేసిన గుడ్డతో చేసి ఉంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీ చర్మం మీద సుమారు ఒక మిల్లీవోల్టు విద్యుత్తు పుడుతుంది. ఒక వోల్టులో వెయ్యో వంతు అన్నమాట. ఆ రెండు ప్యాడ్లూ దాన్ని అందుకుని, ప్రెస్ బటన్ల ద్వారా ముందున్న ప్లాస్టిక్ డబ్బీకి చేరవేస్తాయి. అసలు సెన్సర్ ఆ డబ్బీలోనే ఉంటుంది.

ఎండిన చర్మం విద్యుత్తును సులభంగా పారనివ్వదు. ఉప్పు కలిసిన చెమట పారనిస్తుంది. బ్యాటరీ ఆదా కోసం ఈ సెన్సర్లలో చాలావాటిని ఆ తేడానే స్విచ్‌గా వాడుకునేలా తయారుచేశారు. రెండు బటన్ల మధ్య తడి చర్మం ద్వారా దారి కుదిరితే సెన్సర్ లేస్తుంది, కుదరకపోతే నిద్రలోనే ఉంటుంది. వాటికి వేరే ఆన్ బటన్ ఉండదు. పొడి ప్యాడ్లతో పట్టీ కట్టుకుంటే లెక్కలు తప్పడం అటుంచి, సెన్సర్ ఉన్న సంగతే ఫోన్‌కి తెలియదు. చలికాలం పొద్దున చర్మం పొడిబారి ఉన్నప్పుడూ, ఏసీ గదిలో కదలకుండా కూర్చున్నప్పుడూ ఇది ఎక్కువగా ఎదురవుతుంది.

అందుకని ముందు పట్టీని కొళాయి కింద పెట్టి, రెండు ప్యాడ్లూ బాగా తడిసేలా వేలితో రుద్దాం. నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలదు, ముఖ్యంగా గుడ్డ ప్యాడ్లు నీటిని పీల్చుకోవాలి. తర్వాత డబ్బీ తగిలించి, ఛాతీ కండరాలకు సరిగ్గా కింద, జారిపోకుండా బిగుతుగా కట్టించాను. అర నిమిషం ఆగాం. యాప్‌లో ఏమీ కనబడలేదు.

తప్పు పట్టీ గుడ్డదేమో చూడటానికి ఇంకో పరీక్ష ఉంది. డబ్బీని పట్టీ నుంచి ఊడదీసి, రెండు బొటనవేళ్ళూ తడిచేసి, వెనకనున్న రెండు బటన్ల మీద చెరొకటి ఆనించాలి. అప్పుడు దారి చేతుల మీదుగా కుదురుతుంది, పట్టీతో పనిలేకుండా సెన్సర్ లేవాలి. ఇలా చేసినప్పుడు యాప్‌కి దొరికితే డబ్బీ, బ్యాటరీ, ఫోన్ అన్నీ బాగున్నట్టే. తప్పు పట్టీలో ఉన్నట్టు: ప్యాడ్లకు ఉప్పు పేరుకుని ఉండాలి, బటన్లకు చిలుము పట్టి ఉండాలి, లేదా లోపలి తీగ తెగి ఉండాలి. డబ్బీ కన్నా పట్టీయే ముందు అరిగిపోతుంది కాబట్టి చాలా కంపెనీలు దాన్ని విడిగా అమ్ముతాయి. మావాడి సెన్సర్ బొటనవేళ్ళకూ పలకలేదు. పొడిదనం మీద అనుమానం అక్కడితో తీరిపోయింది.

బిళ్ల బ్యాటరీ

డబ్బీ వెనక మూతను రూపాయి బిళ్లతో తిప్పితే ఊడి వచ్చింది. లోపల గుండ్రటి బిళ్ల బ్యాటరీ. దాని మీద ఉండే అంకెను జాగ్రత్తగా చదవాలి. `CR2032` అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. `CR2025` వెడల్పు కూడా అంతే, మందం మాత్రం 2.5 మిల్లీమీటర్లు. రెండూ 3 వోల్టులవే, పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. పోలార్ హెచ్10 పట్టీకి కావలసింది సన్నది, గార్మిన్ హెచ్ఆర్ఎం-డ్యూయల్‌కి మందంది. మందం బిళ్ల ఉండవలసిన చోట సన్నది పెడితే లోపలి రేకుకు గట్టిగా ఆనదు. కూర్చుంటే పనిచేసి, పరుగెత్తితే ఆగిపోవచ్చు కూడా. కొన్ని బిళ్లల మీద పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూస్తారు. ఆ పూత అడ్డుపడి కొన్ని పరికరాల్లో కరెంటు అందదు.

కొత్త బిళ్ల మల్టీమీటర్‌లో 3 వోల్టుల కన్నా కొద్దిగా ఎక్కువే చూపిస్తుంది. 2.8 కన్నా తగ్గితే అనుమానించాలి. అయితే మీటర్ మీద పూర్తిగా ఆధారపడకూడదు. పనేమీ లేనప్పుడు ముసలి బ్యాటరీ కూడా మంచి అంకెనే చూపిస్తుంది, సెన్సర్ కేక వేయబోయినప్పుడు ఒక్కసారిగా చతికిలబడుతుంది. నమ్మకమైన పరీక్ష కొత్త బిళ్ల వేసి చూడటమే. పాతది తీశాక అర నిమిషం ఆగి కొత్తది పెడితే, సెన్సర్ ఎక్కడైనా బిగుసుకుపోయి ఉన్నా మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ప్లస్ గుర్తు ఎటు ఉండాలో డబ్బీ మీద చూసుకోవాలి. మూత చుట్టూ ఉండే రబ్బరు చక్రం గాడిలో సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే చెమట లోపలికి దిగుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే, తీసిన పాత బిళ్లను క్షణం కూడా బల్ల మీద వదలకండి. మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరను తీవ్రంగా కాల్చేయగలదు. అయిపోయిందనుకున్న బిళ్ల కూడా అంతే ప్రమాదం. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మావాడి బిళ్ల అంకె సరైనదే. మీటర్‌లో 3 వోల్టులు చూపించింది. అయినా కొత్తది వేశాం. ఫలితం లేదు.

పోటీదారు

ఇక మిగిలింది మూడో కారణం. సాధారణ బ్లూటూత్ పట్టీల్లో చాలావరకు ఒకసారి ఒక్క పరికరంతోనే మాట్లాడతాయి. ఆ ఒక్కటీ కలిసిందంటే సెన్సర్ కేకలు మానేస్తుంది. మామూలు ఫోన్‌లో అవతలివాళ్ళు వేరొకరితో మాట్లాడుతుంటే ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది. ఇక్కడ అలాంటి సూచనేదీ ఉండదు. రెండో ఫోన్ దృష్టిలో ఆ పట్టీ అసలు లేనట్టే. వాచీ, సైకిల్‌కి బిగించిన చిన్న కంప్యూటర్, టాబ్లెట్, జిమ్‌లో ట్రెడ్‌మిల్, ఇలా దేనికైనా ఇంతకుముందు ఒకసారి పరిచయమై ఉంటే చాలు. పట్టీ నిద్రలేవగానే అది ముందుగా వచ్చి పట్టుకోవచ్చు.

"ఈ పట్టీని ఇంకా దేనికైనా కలిపావా?" అని అడిగాను.

"లేదు మామయ్యా, ఈ ఫోన్ ఒక్కటే."

"దీనికి ముందు ఏ ఫోన్ వాడేవాడివి?"

వాడు వంటింటి వైపు చూశాడు. పాత ఫోన్ అక్కకిచ్చాడు. అది పొయ్యి పక్కన గూట్లో, వంటల వీడియోతో నడుస్తోంది. తెచ్చి చూస్తే పరుగు యాప్ అందులో ఇంకా తెరిచే ఉంది. పైన గుండె గుర్తు, పక్కన 78. గదిలో నిలబడ్డ మావాడి గుండె లెక్క అది. వాడు తడి ప్యాడ్లతో పట్టీ కట్టుకున్న ప్రతిసారీ, కొత్త ఫోన్ వినేలోపే పాత ఫోన్ అందిపుచ్చుకుంటోంది. పార్కుకు వెళ్ళేసరికి వంటింటి ఫోన్ అందనంత దూరమై, పట్టు తప్పేది. సెన్సర్ మళ్ళీ కేక వేసేది, జేబులోని ఫోన్ వినేది. ఇన్నాళ్ళూ ఆ ఘనత చెమటకు దక్కింది.

పాత ఫోన్‌లో బ్లూటూత్ ఆపగానే కొన్ని సెకన్లలో పట్టీ కొత్త యాప్‌లో కనిపించింది. అక్క ఫోన్ నుంచి ఆ యాప్ తీసేశాం. ఇలాంటి అనుమానం వస్తే యాప్‌ను తెర మీంచి తోసేస్తే సరిపోదు, అది వెనకాల నడుస్తూనే ఉండవచ్చు. ఇంట్లో ఉన్న పరికరాల్లో బ్లూటూత్‌ను సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఒక్కొక్కటిగా ఆపుతూ, ప్రతిసారీ మళ్ళీ వెతకాలి. దేన్ని ఆపాక దొరికిందో అదే పోటీదారు.

వాచీకీ ఫోన్‌కీ రెంటికీ గుండె లెక్క కావాలనుకునేవాళ్ళకు దారులున్నాయి. పోలార్ హెచ్10, గార్మిన్ హెచ్ఆర్ఎం-డ్యూయల్ ఒకేసారి రెండు బ్లూటూత్ పరికరాలతో మాట్లాడగలవు. ఇవి యాంట్ ప్లస్ అనే మరో పద్ధతిలో కూడా పంపుతాయి. అది రేడియో స్టేషన్ లాంటిది, ఎంతమంది విన్నా ఒకరికొకరు అడ్డురారు. వాచీకి ఆ సౌకర్యం ఉంటే దాన్ని యాంట్ ప్లస్‌తో కలిపి, బ్లూటూత్‌ను ఫోన్‌కి వదిలేయడం మేలు.

ఇవన్నీ చూశాక కూడా దొరకకపోతే అప్పుడు ఫోన్ వైపు తిరగాలి. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో యాప్‌కి `Nearby devices` అనుమతి ఉండాలి. అంతకు ముందువాటిలో లొకేషన్ అనుమతి ఇచ్చి, లొకేషన్ ఆన్ చేసి ఉంచాలి. పట్టీని ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో జత చేసి ఉంటే అక్కడ తీసేసి, యాప్ లోపలి నుంచే కలపాలి.

బయల్దేరే ముందు మావాడికి ఇంకొక్క మాట చెప్పాను. పరుగు నుంచి వచ్చాక పట్టీని డబ్బీతో సహా కొక్కేనికి తగిలించే అలవాటు వాడిది. పట్టీలో ఉన్న చెమటే రెండు బటన్ల మధ్య దారిగా మారుతుంది. ఛాతీ మీద లేకపోయినా సెన్సర్ మెలకువగానే ఉండి, ఆరేదాకా బ్యాటరీని తింటుంది. డబ్బీ ఊడదీసి తుడవాలి, పట్టీని మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలి. పొద్దున్న దాన్ని లేపేది ఏ తడో, పరుగయ్యాక దాన్ని పడుకోనివ్వనిదీ ఆ తడే.