ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ రాదు

డెస్క్‌టాప్ బటన్ నొక్కగానే లోపల ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. పవర్ వస్తోంది కదా, మానిటరే పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఫ్యాన్ తిరగడానికి ప్రాసెసర్‌తో పని లేదు. దానికి 12 వోల్టుల కరెంటు అందితే చాలు.

అందుకే కంప్యూటర్ అసలు లేచిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక నిమిషం ఆగి, వైరున్న కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ నడుస్తున్నట్టే, చూసుకోవాల్సింది తెర వైపు. విడిగా గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్లో మానిటర్ కేబుల్‌ని కార్డుకి కాకుండా పైన మదర్‌బోర్డు పోర్టుకి పెట్టేస్తుంటారు. మార్చి పెడితే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది.

లైటు ఉలకదు పలకదు అంటే, స్టార్టవగానే కంప్యూటర్ తన భాగాలను తానే సరిచూసుకునే దశలో ఎక్కడో ఆగిపోయింది. నేనైతే ముందు ర్యామ్‌నే అనుమానిస్తాను. దాని బంగారు రంగు అంచు స్లాట్‌లో సరిగా కూర్చోకపోయినా, మసి పట్టినా కథ ఇక్కడే ఆగుతుంది.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని ర్యామ్‌లు తీయండి. అంచుని రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపేయండి. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పు టక్కుమనాలి.

అప్పటికీ రాకపోతే ఒక్కొక్కటీ విడిగా చూడాలి. 8 జీబీవి రెండు ర్యామ్‌లు, నాలుగు స్లాట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కటే పెట్టేటప్పుడు చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్ వాడాలి. అక్కడ మొదటిది పెడితే బొమ్మ వచ్చింది, రెండోది పెడితే రాలేదు. ఆ రెండోదాన్నే నాలుగో స్లాట్‌లో పెట్టినా రాలేదు. దోషం ఆ ర్యామ్‌దే. అలా కాకుండా రెండో స్లాట్‌లో రెండూ పనిచేసి, నాలుగో దాంట్లో ఏదీ పనిచెయ్యకపోతే ర్యామ్‌లు మంచివే. స్లాటైనా పోయుండాలి, ప్రాసెసర్ కింది పిన్నైనా వంగి ఉండాలి, ఎందుకంటే ర్యామ్‌ని నడిపించే భాగం ఈరోజుల్లో ప్రాసెసర్‌లోనే ఉంటుంది. కొత్త కూలర్ బిగించాకే ఈ తంటా మొదలైతే పిన్ను మీదే నా అనుమానం.

డీడీఆర్5 ర్యామ్ విషయంలో మాత్రం తొందరపడకూడదు. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు దాన్ని సర్దుకోడానికి బోర్డుకి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికే.

ఏ ర్యామ్‌తోనూ, ఏ స్లాట్‌లోనూ రాకపోతే ప్రాసెసర్ పక్కన బోర్డు అంచున ఉండే 8 పిన్నుల పవర్ కేబుల్ చూడండి. అది ఊడినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ప్రాసెసర్‌కి మాత్రం కరెంటు అందదు. అదీ గట్టిగానే ఉంటే ఇక వేరే సప్లై, వేరే ప్రాసెసర్ పెట్టి చూడాల్సిందే. ఆ విడిభాగాలు రిపేరు షాపులో ఉంటాయి.