నోటీసు గడువు దాటి ఏ ఉద్యోగం అందుతుంది?

హైదరాబాద్‌లోని చాలా ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ 90 రోజులు. 30 రోజుల్లో మనిషి కావాలనుకునే సంస్థ అలాంటి అభ్యర్థిని తొలి ఫోన్‌కాల్‌లోనే పక్కన పెట్టవచ్చు. మిగిలిన 60 రోజులకు డబ్బు కట్టి బయటపడటమే బైఅవుట్. నెలకు మూల వేతనం 60,000, మొత్తం జీతం 1,50,000 రూపాయలు అనుకుంటే, మూల వేతనం లెక్కన 1,20,000, మొత్తం జీతం లెక్కన 3,00,000 కట్టాలి. ఏ లెక్కో నియామక పత్రంలో ఉంటుంది.

అందులో ‘యాజమాన్యం అంగీకరిస్తేనే’ అని ఉంటే, డబ్బు సిద్ధంగా ఉన్నా ముందే రిలీవ్ చేస్తారన్న హామీ లేదు. కొత్త సంస్థ ఆ సొమ్ము భరించినా, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు తరచూ ఉంటుంది. బైఅవుట్ కుదరనివారికి మిగిలేవి రెండు దారులు: 90 రోజులు ఆగే సంస్థలు, లేదా రాజీనామా చేశాక గడువు చివరి నెలలో తక్షణ ఖాళీలు. రెండో దారిలో ఆఫర్ రాకుండానే గడువు ముగిసే ప్రమాదం ఉంది.