పాస్‌బుక్‌లో ఉన్నదంతా ట్రస్టు సొమ్ము కాదు

ఒకే ట్రస్టు, ఒకే ఏడాది, ఒకే పాస్‌బుక్. ఒక రకంగా లెక్క రాస్తే ఏడాది చివర 5.5 లక్షల మిగులు తేలింది. ఇంకో రకంగా రాస్తే 1.9 లక్షల లోటు తేలింది. ఎవరూ డబ్బు తినలేదు, బిల్లులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చిన గ్రాంటును ఎప్పుడు ఆదాయంగా రాశారన్న ఒక్క చోటే ఈ తేడా అంతా పుట్టింది.

బడిపిల్లలకు కంటి పరీక్షలు చేసే ఒక చిన్న ట్రస్టును ఉదాహరణగా అనుకుందాం. ఏప్రిల్‌లో ఒక కంపెనీ దానికి 12 లక్షల గ్రాంటు ఇచ్చింది. ఏడాదిన్నరలో ఖర్చు పెట్టాలి. ఒప్పందంలో పద్దులు స్పష్టంగా ఉన్నాయి: కంటి పరీక్ష యంత్రానికి 3 లక్షలు, కళ్లజోళ్లకు 4 లక్షలు, శిబిరాల సిబ్బంది జీతాలకు 4 లక్షలు, ఆఫీసు ఖర్చులకు 1 లక్ష. ఇది కాక ఆ ఏడాదిలో ఊరి వాళ్లూ తెలిసినవాళ్లూ ఏ షరతూ లేకుండా ఇచ్చిన విరాళాలు 2 లక్షలు.

ఈ రెండు రకాల సొమ్ముకూ తేడా మన గుళ్లలో అందరికీ తెలిసిందే. హుండీలో పడినది దేవస్థానం ఏ అవసరానికైనా వాడుతుంది. అన్నదానానికని రసీదు రాయించుకుని ఇచ్చినది అన్నదానానికే పోవాలి. శాశ్వత పూజకు కట్టినదైతే అసలు ముట్టుకోకుండా వడ్డీతోనే పూజ చేయించాలి. ట్రస్టు లెక్కల్లో ఈ మూడింటినీ సాధారణ నిధి, నిర్దేశిత నిధి, కార్పస్ అంటారు. ఏ సొమ్ము ఏ నిధికి చెందుతుందో నిర్ణయించేది ఇచ్చినవాళ్లే. ట్రస్టీలు మీటింగు పెట్టుకుని సాధారణ విరాళాల్లోంచి లక్ష రూపాయలు భవనం కోసం పక్కన పెడితే అది నిర్దేశిత నిధి అయిపోదు. ఇవాళ పెట్టిన తీర్మానాన్ని వాళ్లే రేపు మార్చుకోవచ్చు. దాత పెట్టిన షరతును మాత్రం వాళ్లు మార్చలేరు.

గ్రాంటు బ్యాంకులో పడిన రోజున ట్రస్టుకు 12 లక్షలు వచ్చాయి, నిజమే. దాంతోపాటే ఒక బాధ్యత కూడా వచ్చింది. పని జరగకపోతే ఆ డబ్బు మామూలుగా వెనక్కి ఇవ్వాల్సిందే. కాబట్టి మొత్తం 12 లక్షలనూ బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు ‘ఖర్చు కాని గ్రాంటు’ కింద రాస్తారు. పని జరిగి ఖర్చు పడిన కొద్దీ అంతే మొత్తాన్ని అక్కడి నుంచి తీసి ఆదాయ వ్యయ ఖాతాలో ఆదాయంగా చూపిస్తారు. గ్రాంటును విడుదల చేయడమంటే ఇదే. ఆ రోజు బ్యాంకులో పైసా కదలదు, ఒక జర్నల్ ఎంట్రీ పడుతుంది, అంతే. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ఎన్జీవోల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు నిధులను ఇలా విడివిడిగా చూపమనే చెబుతాయి.

మన ట్రస్టు మొదటి ఏడాదిలో, అంటే మార్చి 31 నాటికి, కళ్లజోళ్లకు 1.5 లక్షలు, జీతాలకు 2 లక్షలు, ఆఫీసుకు 50 వేలు ఖర్చు చేసింది. ఈ 4 లక్షలూ విడుదలవుతాయి. యంత్రం సంగతి వేరు. ఏప్రిల్‌లోనే 3 లక్షలు పెట్టి కొన్నారు, అది ఐదేళ్లు పనిచేస్తుందని అంచనా. డబ్బంతా ఒకే రోజు చేతి నుంచి పోయినా యంత్రం అరిగేది ఏడాదికి 60 వేల చొప్పున. అందుకని ఆ 3 లక్షలను ‘ఆస్తుల గ్రాంటు’ అనే వేరే పద్దుకు మార్చి, తరుగుదల ఎంత రాస్తే అంత, ఏటా 60 వేలు ఆదాయంలోకి తెస్తారు. ప్రభుత్వ గ్రాంట్లకు వర్తించే ఏఎస్ 12 ప్రమాణం అనుమతించే పద్ధతుల్లో ఇది ఒకటి. మొత్తం మీద మొదటి ఏడాది గ్రాంటు ఆదాయం 4.6 లక్షలు. ఆస్తుల గ్రాంటులో 2.4 లక్షలు, ఖర్చు కాని గ్రాంటులో 5 లక్షలు మిగిలాయి. మూడూ కలిపితే సరిగ్గా 12 లక్షలు. ఈ కూడిక కుదరకపోతే లెక్కలో ఎక్కడో తప్పుందన్నమాట.

ఇక లోటు ఎక్కడిది? గ్రాంటుతో సంబంధం లేని అద్దె, డ్రైవరు జీతం, కరెంటు బిల్లుల వంటివాటికి ట్రస్టు ఆ ఏడాది 3.9 లక్షలు ఖర్చు చేసింది. షరతు లేని విరాళాలు వచ్చింది 2 లక్షలే. మిగతా 1.9 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? పిల్లల కళ్లజోళ్ల కోసం దాచాల్సిన గ్రాంటులోంచి. మొత్తం 12 లక్షలనూ మొదటి రోజే ఆదాయంగా రాసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. 14 లక్షల ఆదాయం, తరుగుదలతో కలిపి 8.5 లక్షల ఖర్చు, 5.5 లక్షల మిగులు కనిపించేవి. ఆ మిగులును చూసి ట్రస్టీలు కొత్త మనిషిని పనిలో పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు. నన్ను బాధపెట్టేది ఇదే. చాలా చిన్న ట్రస్టులు మోసం చేసి చితికిపోవు, తమది కాని సొమ్మును తమదనుకుని చితికిపోతాయి.

దీన్ని పట్టుకోవడానికి ఆడిటరే రానక్కర్లేదు. మార్చి 31న బ్యాంకు నిల్వ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కలిపి ఎంతో చూడండి. ఖర్చు కాని గ్రాంట్ల మొత్తంతో పోల్చండి. మన ట్రస్టు బ్యాంకులో ఉన్నది 3.1 లక్షలు, ఉండాల్సినది కనీసం 5 లక్షలు. తేడా 1.9 లక్షలు. విరాళం ఇచ్చేవాళ్లు వార్షిక నివేదికలో చూడాల్సిన మొదటి పోలిక ఇదేనని నా అభిప్రాయం.

విడుదలలో ఎక్కువగా జరిగే పొరపాటు అడ్వాన్సుల దగ్గర వస్తుంది. మార్చి చివర్లో కళ్లద్దాల షాపుకు 80 వేలు అడ్వాన్సు ఇచ్చి, దాన్ని ఖర్చు కింద రాసి గ్రాంటును విడుదల చేసేస్తారు. అద్దాలు ఇంకా రాలేదు, బిల్లూ లేదు. అది ఖర్చు కాదు, షాపు నుంచి మనకు రావాల్సిన బాకీ. దాతకు పంపే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఆ 80 వేలు చేరితే, అద్దాలు పిల్లలకు అందకుండానే అందినట్టు సంతకం పెట్టినట్టవుతుంది.

విదేశీ విరాళాలకైతే చట్టమే గోడ కట్టింది. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు పంపే విరాళం ఎఫ్‌సీఆర్‌ఏ కిందకు వస్తుంది. అది ముందుగా స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి, స్థానిక విరాళాలతో కలపకూడదు. అక్కడే ఉద్యోగం చేస్తున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. దేశంలో వచ్చే గ్రాంటుకు మాత్రం ఒప్పందం వేరే ఖాతా అడిగితే తప్ప సాధారణంగా పుస్తకాల్లోని ఆ పద్దే గోడ.

రెండో ఏడాది సెప్టెంబరుకు గడువు ముగిసింది. పక్కకు పోయిన 1.9 లక్షలను కొత్త విరాళాలతో పూడ్చారు. మిగిలిన 5 లక్షల్లో 4.4 లక్షలు ఖర్చయి విడుదలయ్యాయి. అద్దాలు అనుకున్నదానికన్నా చవగ్గా దొరకడంతో 60 వేలు మిగిలాయి. వాటిని ట్రస్టు ఆదాయంలోకి మళ్లించడానికి వీల్లేదు. ఇంకొన్ని బళ్లలో శిబిరాలు పెడతామని కంపెనీకి రాసి, రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. లేదా తిప్పి పంపాలి. అప్పటిదాకా ఆ 60 వేలు అప్పుల వైపే ఉంటాయి. యంత్రం తాలూకు పద్దు ఏటా 60 వేలు తగ్గుతూ, ఐదో ఏడాది మార్చి 31న సున్నాకు చేరుతుంది.