రూమ్మేట్‌కి రాసే ఆ ఒక్క కాగితం

ఆఖరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం హాస్టల్లో ఎవరూ కుదురుగా కూర్చోరు. నో డ్యూస్ ఫారం పట్టుకుని లైబ్రరీకీ మెస్సుకీ వార్డెన్ దగ్గరికీ తిరగాలి, పరుపు చుట్టాలి, కాషన్ డిపాజిట్ కోసం బ్యాంకు వివరాలివ్వాలి. రూమ్మేట్‌కి నాలుగు ముక్కలు రాసివ్వాలన్న ఆలోచన ఈ హడావిడిలో చాలామందికి ఆలోచనగానే మిగిలిపోతుంది. రాసేవాళ్లు కూడా ఎక్కువగా స్లామ్ బుక్ ధోరణిలోనే రాస్తారు: నీలాంటి ఫ్రెండ్ దొరకడం నా అదృష్టం, మన టీలు, మన నైటవుట్లు జన్మలో మరచిపోలేను, టచ్‌లో ఉండు. పైన పేరు మార్చి పక్క గదికిచ్చినా సరిపోతుంది.

‘మరచిపోలేను’ అని రాస్తాం గానీ మరచిపోతాం. టీ తాగామన్న సంగతి మరచిపోం, రోజూ తాగేవాళ్లమని నలభై ఏళ్లు వచ్చినా చెబుతాం. పోయేది ఏ రాత్రికి ఆ రాత్రి. పదే పదే జరిగే పనిని మనసు విడివిడిగా దాచుకోదు. వాటన్నిటికీ కలిపి ఒక నమూనా చేసి పెట్టుకుంటుంది. కెటిల్, రెండు గ్లాసులు, పుస్తకాలు, కబుర్లు. అందుకే పదేళ్ల తర్వాత కలిసినప్పుడు ‘ఎన్ని రాత్రులు మేలుకున్నామో కదా’ అనుకుంటారు తప్ప, ఫలానా రాత్రి ఏం మాట్లాడుకున్నారో ఇద్దరిలో ఒక్కరికీ గుర్తుండదు. ఆఖరి పరీక్ష రాసిన వారంలో మాత్రం ఆ రాత్రులింకా విడివిడిగానే ఉంటాయి. రాస్తే అప్పుడే రాయాలి.

ఏం రాయాలన్న దానికి 2014లో అచ్చయిన ఒక అధ్యయనం బాగా పనికొస్తుంది. అప్పుడు హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో పరిశోధన చేస్తున్న టింగ్ జాంగ్, ఆమె సహచరులు కాలేజీ విద్యార్థుల చేత వేసవి మొదట్లో చిన్న చిన్న సంగతులు రాయించి దాచిపెట్టారు. ఈమధ్య జరిగిన ఒక సంభాషణ, రూమ్మేట్ ఎలా పరిచయమైంది, తమవాళ్లకే అర్థమయ్యే ఒక జోకు, ఈమధ్య విన్న పాటలు, పరీక్షలో వచ్చిన ఒక ప్రశ్న, ఇలాంటివి. ఇవి మళ్లీ చదవాలని ఎంత అనిపిస్తుందని అడిగితే విద్యార్థులు తక్కువ అంచనా వేశారు. మూడు నెలలకు తెరిచేసరికి అనుకున్నదానికంటే ఎంతో ఆసక్తిగా చదువుకున్నారు. ఇదే పరిశోధనలో ఇంకో సంగతీ బయటపడింది. పండగలాంటి రోజు అనుభవం విలువను మనం ఇంచుమించు సరిగానే ఊహిస్తాం. తక్కువ కట్టేది మామూలు రోజుది. కాబట్టి ఫేర్‌వెల్ రోజు చీరల గురించి రాయనక్కర్లేదు. ఎలాగూ ఫోటోలుంటాయి.

రాయాల్సింది మామూలు రాత్రి గురించి. అమ్మాయిల హాస్టల్లో ఆ రాత్రి టీ అంత తేలిక కాదని బయటివాళ్లకు తెలియదు. అబ్బాయిలైతే గేటు దాటి బండి దగ్గర వన్ బై టూ చెప్పుకోవచ్చు. గేటు పొద్దుగూకగానే మూసేసే చోట గదిలో దాచిన కెటిలే దిక్కు. అందులో పాలు కాచడం కుదరదు, నురుగు పొంగి మూతలోంచి కారుతుంది, అడుగు మాడి వారం పాటు వాసనొస్తుంది. అందుకని నీళ్లలోనే టీపొడి, చక్కెర, దంచిన అల్లం వేసి మరిగిస్తారు. పాలపొడిని గ్లాసులో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లతో ముద్దగా కలుపుకుని, దానిమీద డికాక్షన్ వడపోస్తారు. తిన్నగా మరిగే డికాక్షన్లో పొడి పోస్తే ఉండలు కడుతుంది. రెండు మూడు గదుల కెటిళ్లు, ఇస్త్రీ పెట్టెలు ఒకే లైను మీద పడితే ఎంసీబీ పడిపోయి వరండా అంతా చీకటి.

ఆ టీ చేసే మరో పని ఉంది. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఒంటిగంటకు తాగి, రెండున్నరకు పుస్తకం మూసి లైటు తీసినా కళ్లు మూతపడవు. అసలు మాటలు మొదలయ్యేది అప్పుడే. ఇంట్లో అప్పులు, అక్క పెళ్లి, ఎవరికీ చెప్పని భయం, అన్నీ పక్క మంచం వైపు తిరిగి చీకట్లోనే చెప్పుకుంటారు. నా లెక్కలో రూమ్మేట్‌కి రాయదగ్గ సరుకు చాలావరకు ఆ గంటలోనే దొరుకుతుంది.

ఊరికే చెబితే తెలియదు గనక, ఎలా ఉండవచ్చో చూపించడానికి ఒకటి రాసి చూశాను. ఇంజినీరింగ్ ఫైనలియర్ అమ్మాయి తన రూమ్మేట్‌కి రాసిందనుకోండి:

“ఒసే, మైక్రోప్రాసెసర్స్ పరీక్ష ముందురోజు రాత్రి గుర్తుందా? నువ్వు కెటిల్ పెట్టావు, పక్క గదిలో ఎవరో ఇస్త్రీ పెట్టె పెట్టారు, కరెంటు పోయింది. ఎంసీబీ ఎత్తమని వార్డెన్‌ని అడిగితే కెటిల్ పోతుందని ఇద్దరం నోరెత్తలేదు. సగం మరిగిన నీళ్లలో నువ్వు పాలపొడి గుమ్మరించావు. ఫోను వెలుగులో ఉండలు చిదిమి ‘తాగెయ్, పాలకోవా అనుకో’ అన్నావు. తర్వాత చీకట్లో 8086 పిన్ డయాగ్రం నా చేత నోటితో చెప్పించావు. ఆ ప్రశ్న రానేలేదు. 40 పిన్నులూ నాకింకా వచ్చు, ఏం చేసుకోవాలో తెలియదు.

ఇంకో మాట. మా నాన్నకి ఒంట్లో బాగోలేని ఆ వారం నువ్వు పన్నెండుకల్లా లైటు తీసేసి వరండాలో కూర్చుని చదువుకున్నావు. నేను నిద్రపోవట్లేదని నీకు తెలుసు. ఏమీ అడగలేదు. నాకప్పుడు కావలసిందీ అదే.

పాలపొడి డబ్బా సగముంది, నువ్వుంచుకో. కెటిల్ మాత్రం నాది.”

ఇందులో గొప్ప వాక్యం ఒక్కటీ లేదు. పరీక్ష పేరు ఉంది కాబట్టి ఆ రాత్రి ఏదో తెలుస్తుంది. ఆమె అన్న మాట ఆమె నోటి మాటగానే ఉంది. రెండో పేరా ఇంకా ముఖ్యం. వరండాలోకి వెళ్లిన అమ్మాయికి తను చేసింది ఎవరైనా గమనించారని కూడా తెలిసుండకపోవచ్చు. మంచిదానివి, ఓపికమంతురాలివి అని పది విశేషణాలు పెట్టినా చెప్పలేనిది ఆ లైటు సంగతి చెప్పేసింది.

సరిగ్గా రాయలేనేమో, చదివి నవ్వుతుందేమో అని ఆగిపోయేవాళ్లుంటారు. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ ఇలాంటి కృతజ్ఞతా లేఖలు రాయించి, రాసినవాళ్లనూ అందుకున్నవాళ్లనూ విడిగా అడిగారు. చదివేవాళ్లు ఇబ్బంది పడతారని రాసినవాళ్లు ఊహించినంతగా వాళ్లు ఇబ్బంది పడలేదు. సంతోషించింది మాత్రం ఊహించినదానికంటే ఎక్కువ. రాసేవాళ్లు తమ పదాలు కుదిరాయా లేదా అని చూసుకుంటారు, అందుకున్నవాళ్లు మాటల్లో ఆప్యాయత చూస్తారు.

కొన్ని జాగ్రత్తలున్నాయి. మెస్ బిల్లు బాకీలు, ఫోన్‌పేలో వేయాల్సిన డబ్బులు ఈ కాగితంలో కలపకండి, వాటికి వేరే మెసేజ్ చాలు. చీకట్లో ఆమె చెప్పుకున్న రహస్యాన్ని పేర్లతో సహా రాయకండి. ట్రంకుపెట్టె ఇంటికి చేరాక మొదట తెరిచేది అమ్మే. క్షమాపణ చెప్పాల్సి ఉంటే ఒక్క వాక్యంలో చెప్పేయండి, సంజాయిషీ మొదలుపెడితే కాగితమంతా అదే అవుతుంది. జెల్ పెన్ను తడి తగిలితే అలుక్కుపోతుంది, బాల్ పెన్నుతో రాయండి. తేదీ, గది నంబరు వేయండి.

చేతికివ్వడం మొహమాటమైతే ఆమె తప్పకుండా ఇంటికి తీసుకెళ్లే పుస్తకంలో పెట్టండి. పాత రికార్డుల్లో పెట్టారో, అవి ఆ సాయంత్రమే కిలోల లెక్కన చిత్తు కాగితాలవాడికి వెళ్లిపోతాయి.