ఆరో బెడ్ నుంచి ఎనిమిదో బెడ్ దాకా

వార్డులో రోగి ఒంటిని ఎక్కువసార్లు తాకేది డాక్టరు కాదు. మంచంలో పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, నోటికి అన్నం అందించడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం చాలాచోట్ల నర్సింగ్ అసిస్టెంట్ల పనే. కార్పొరేట్ ఆసుపత్రుల్లో వీళ్లను జీడీఏలంటారు, చిన్న ఆసుపత్రుల్లో ఆయమ్మ, వార్డుబాయ్ అనే పిలుస్తారు. ఒక రోగి దగ్గరి క్రిములు పక్క మంచానికి చేరే దారుల్లో ముఖ్యమైనది సిబ్బంది చేతులే కాబట్టి, ఇన్‌ఫెక్షన్ నివారణ శిక్షణ ముందుగా అందాల్సింది వీళ్లకే.

ఆ శిక్షణ చాలాసార్లు గంటలో అయిపోతుంది. గోడమీది పోస్టరు చూపిస్తారు, అందరిచేతా ఒకసారి చేతులు రుద్దిస్తారు, రిజిస్టరులో సంతకాలు తీసుకుంటారు. రుద్దడం వచ్చేస్తుంది. కానీ వార్డులో తప్పు ఎక్కువగా జరిగేది రుద్దే పద్ధతిలో కాదు, ఏ క్షణంలో రుద్దాలో గుర్తించకపోవడంలో. మంచి బోధన ప్రణాళిక తన సమయంలో ఎక్కువ భాగం ఈ రెండోదానికే ఇవ్వాలి. పన్నెండు మంది బ్యాచ్‌కు మూడు గంటల తరగతి, ఆ తర్వాత వార్డులోనే పరీక్ష అనుకుంటే, ఆ ప్రణాళిక ఇలా నడుస్తుంది.

మొదటి అరగంట రంగుతో మొదలవుతుంది. కడిగితే పోయే పోస్టర్ కలర్‌ను ఒక్కొక్కరి అరచేతి గుంటలో పోసి, కళ్లు మూసుకుని శానిటైజర్ రాసుకున్నట్టే రాసుకోమంటారు. కళ్లు తెరిచాక ఎవరి చేతులు వాళ్లే చూసుకోవాలి. బొటనవేలు చుట్టూ, వేలి కొనల మీద, వేళ్ల సందుల్లో రంగు అంటని మచ్చలు కనిపిస్తాయి. బ్రిటన్‌లో 1978లో నర్సుల చేతులకు రంగు పూసి చూసిన పరిశీలనలోనూ ఎక్కువగా తప్పిపోయినవి ఈ చోట్లే. స్తోమత ఉన్న ఆసుపత్రులు అతినీల కాంతిలో మెరిసే లోషన్ వాడతాయి. అది లేదని తరగతి ఆగనక్కర్లేదు, పోస్టర్ కలర్ కూడా అదే పాఠం చెబుతుంది.

తప్పిపోయిన చోట్లు కళ్లారా చూసుకున్నాక పోస్టరు బయటకు తీయాలి. అరచేయి అరచేతితో, అరచేయి రెండో చేతి వెనక, వేళ్లు వేళ్ల సందుల్లో, ముడిచిన వేళ్ల వెనకభాగం అరచేతిలో, బొటనవేలు పిడికిట్లో తిప్పుతూ, చివరికి వేలి కొనలు అరచేతిలో గుండ్రంగా. రోగికి సూది గుచ్చిన చోటును, గొట్టం మూతిని తాకేవి వేలి కొనలే. తొందరలో ఎగిరిపోయేదీ ఆ చివరి అడుగే. అందుకే రెండోసారి రుద్దేటప్పుడు వేలి కొనలతో మొదలుపెట్టించే శిక్షకులున్నారు. ఆల్కహాల్ హ్యాండ్ రబ్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే తుడుచుకోవడంతో కలిపి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రబ్ చేతుల మీద దానంతటదే ఆరాలి, గుడ్డతో తుడిచేస్తే పని సగంలో ఆగినట్టే.

గాజుల సంగతి ఇక్కడే తేల్చాలి. ఉంగరం కింద, గాజుల కింద చర్మానికి రబ్ సరిగా అందదు. గోళ్లు అర సెంటీమీటరు దాటకూడదు. పెళ్లయిన ఆడవాళ్లకు గాజులు తీయడమంటే మనసుకు కష్టమైన మాట. దాన్ని అందరి ముందూ ఆజ్ఞగా చెబితే తరగతిలో తల ఊపి వార్డులో వేసుకునే వస్తారు. డ్యూటీకి వచ్చాక తీసి పెట్టుకోవడానికి తాళం ఉన్న చిన్న అర చూపిస్తే సగం అభ్యంతరం అక్కడే పోతుంది.

తరువాతి గంటన్నర ఈ ప్రణాళికకు ప్రాణం. గదిలో మూడు మంచాలు వేసి, ఆరు, ఏడు, ఎనిమిది అని నంబర్లు పెట్టి, బ్యాచ్‌లోనే ముగ్గుర్ని రోగులుగా పడుకోబెడతారు. ప్రతి మంచం చుట్టూ నేలమీద సుద్దముక్కతో గీత గీస్తారు. రోగి, మంచం కమ్మీ, పక్కనున్న బల్ల, సెలైన్ స్టాండు, దుప్పటి అన్నీ ఆ గీత లోపలివే. అక్కడున్న క్రిములు ఆ రోగివి. గీత దాటి లోపలికి వెళ్లి తాకబోయేటప్పుడు బయటి క్రిములు లోపలికి రాకూడదు. తాకి బయటికి వచ్చేటప్పుడు లోపలివి బయటికి పోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలను ఈ గీత చూపిస్తూనే నేర్పవచ్చు. రోగిని తాకేముందు, శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, ఒంటి ద్రవాలు అంటే అవకాశమున్న పని తర్వాత, రోగిని తాకిన తర్వాత, రోగిని తాకకపోయినా అతని చుట్టూ ఉన్న వస్తువుల్ని తాకిన తర్వాత.

ఇప్పుడు ఒక అసిస్టెంటును పనిచేయమంటారు. మిగిలినవాళ్లు కాగితం మీద గుర్తు పెడతారు. ఆమె ఆరో బెడ్ పెద్దాయన భుజం పట్టి పక్కకు తిప్పాలి, ఆయన యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయాలి, దిండు సరిచేయాలి. తర్వాత ఏడో బెడ్ ఆవిడకు బీపీ చూడాలి. చివరగా ఎనిమిదో బెడ్ రోగి నిద్రపోతుండగా బల్లమీది గ్లాసు, సీసా సర్ది వచ్చేయాలి.

“ఎన్నిసార్లు చేతులు శుభ్రం చేసుకోవాలో చెప్పండమ్మా” అని శిక్షకురాలు అడిగితే “రెండుసార్లు సిస్టర్, మూత్రం పట్టాక ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి” అని జవాబు వస్తుంది. అసలు లెక్క ఆరు. పెద్దాయన భుజం పట్టే ముందు మొదటిది. యూరిన్ బ్యాగ్ కుళాయి తెరిచే ముందు రెండోది, ఎందుకంటే ఆ గొట్టం నేరుగా మూత్రాశయంలోకి వెళుతుంది, భుజం నుంచి వేలికి అంటిన క్రిమి అదే దారిన లోపలికి చేరగలదు. ఖాళీ చేసి గ్లౌజులు తీశాక మూడోది. దిండు సరిచేసి గీత దాటి, ఏడో బెడ్ ఆవిడ చేయి పట్టుకోబోయే ముందు నాలుగోది. ఇక్కడ ఆరో బెడ్‌కు ‘తర్వాత’, ఏడో బెడ్‌కు ‘ముందు’ రెండూ కలిసిపోయాయి కాబట్టి ఒక్కసారి రుద్దితే చాలు. ఏడో బెడ్ వదిలాక ఐదోది. ఎనిమిదో బెడ్ బల్ల సర్దాక ఆరోది.

ఆమె చెప్పిన రెండూ తనను తాను కాపాడుకునేవే. వదిలేసినవాటిలో మొదటి రెండూ, నాలుగోదీ రోగిని కాపాడేవి. ఈ తేడాను శిక్షకురాలు నోటితో చెప్పనక్కర్లేదు, బోర్డుమీద ఆరింటినీ రాసి, ఏది ఎవరి కోసమో గుర్తు పెట్టమంటే బ్యాచ్ తానే పట్టుకుంటుంది. పాత్రలు మార్చి ఈ ఆట కనీసం నాలుగుసార్లు ఆడించాలి. ప్రతిసారీ పని మారాలి. ఒకసారి పక్క మార్చడం, ఒకసారి అన్నం తినిపించడం, ఒకసారి విరేచనం శుభ్రం చేయడం.

“అన్నిసార్లంటే మాకు పని ఎప్పటికవుతుంది సిస్టర్?” అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. అది సాకు కాదు, న్యాయమైన ప్రశ్న. ఆరుసార్లు రబ్ వాడితే మొత్తం మూడు నిమిషాలకు మించదు. అదే వార్డు చివరనున్న సింకు దగ్గరికి ఆరుసార్లు వెళ్లి రావాలంటే ఏ మనిషివల్లా కాదు. కనుక సీసా మంచం దగ్గర లేకపోతే ఈ తరగతి వృథా. జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో డిడియర్ పిట్టే బృందం చేసింది ఇదే. ఆల్కహాల్ రబ్‌ను రోగి పక్కకు తెచ్చారు, వార్డు సిబ్బంది ఆలోచనలతోనే పోస్టర్లు వేశారు, పరిశీలించిన అంకెల్ని వాళ్లకే చూపించారు. 1994లో 48 శాతం ఉన్న చేతుల శుభ్రత 1997కు 66 శాతానికి చేరింది. ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లూ తగ్గాయి. ఆ మెరుగుదల కనిపించింది నర్సుల్లో, నర్సింగ్ అసిస్టెంట్లలో. డాక్టర్లలో పెద్దగా లేదు.

గ్లౌజుల గురించి ఒక్క ప్రయోగం సరిపోతుంది. గ్లౌజులు వేసుకున్న చేతికి రంగు పూసి, తీసేయమంటారు. చాలామంది మణికట్టు మీద మరక మిగులుతుంది. తొడుక్కునే ముందు, తీశాక రెండుసార్లూ చేతులు శుభ్రం చేసుకోవాలని అప్పుడు అర్థమవుతుంది. ఒకే జతతో ఆరో బెడ్ నుంచి ఏడో బెడ్‌కు వెళ్లడం ఉత్త చేతులతో వెళ్లడం కంటే మెరుగేమీ కాదు. వాడిన గ్లౌజులు, ఖాళీ చేసిన యూరిన్ బ్యాగ్ ఎరుపు సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్లాలని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెబుతాయి. పది వస్తువుల్ని కుప్పపోసి సంచుల్లో వేయిస్తే ఈ భాగం పది నిమిషాల్లో అయిపోతుంది.

రబ్‌కు హద్దులున్నాయి. చేతిమీద మురికి, రక్తం, మలం కంటికి కనిపిస్తే సబ్బూ నీళ్లే వాడాలి. యాంటీబయాటిక్స్ వాడాక కొందరికి ఆగని విరేచనాలు తెప్పించే క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా బీజాలను ఆల్కహాల్ చంపలేదు, ఆ రోగి దగ్గర సబ్బుతో కడిగి వాటిని వదిలించుకోవాల్సిందే. సబ్బుతో కడిగిన వెంటనే రబ్ కూడా రాసుకోవడం అతి జాగ్రత్త, దానివల్ల చర్మం పగులుతుంది. పగిలిన చర్మం మంట పుడితే మనిషి రబ్ ముట్టుకోవడమే మానేస్తాడు.

ఇక పరీక్ష. ప్రశ్నపత్రం ఇస్తే ఐదు సందర్భాలూ అప్పజెప్పేస్తారు, దాన్నిబట్టి ఏమీ తెలియదు. తరగతి చివర రంగు పరీక్ష మళ్లీ పెట్టాలి. బొటనవేలు, వేలి కొనలు తప్పితే మళ్లీ చేయించాలి, మిగతా ఎంత బాగున్నా సరే. మూడు మంచాల ఆటలో ఆరింటికి కనీసం ఐదు చేయాలి, యూరిన్ బ్యాగ్ ముందరిది మాత్రం తప్పకూడదు.

అసలు పరీక్ష రెండు వారాల తర్వాత వార్డులో జరుగుతుంది. పరిశీలకురాలు ఇరవై నిమిషాలు ఒకచోట నిలబడి, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన అవకాశాలెన్ని, చేసుకున్నవెన్ని రాసుకుంటుంది. ముప్పైలో పద్దెనిమిది అయితే 60 శాతం. ఒక మనిషి ఆరు అవకాశాల మీద శాతం కట్టి మార్కు వేయడం అన్యాయం, ఒక్కటి తప్పితే అంకె కుప్పకూలుతుంది. వార్డు మొత్తానికి రెండు వందల అవకాశాలైనా చూశాకే అంకెను నమ్మవచ్చు. ఎవరో చూస్తున్నారని తెలిస్తే అందరూ బాగా చేస్తారు కాబట్టి రబ్ ఎంత ఖర్చవుతోందో కూడా స్టోర్ రిజిస్టరులో చూడాలి. పరిశీలనలో 80 శాతం వచ్చి, నెలకు వార్డు వాడిన సీసాల సంఖ్య మాత్రం పెరగకపోతే, ఆ 80ని అనుమానించాల్సిందే.

అంకెలు వచ్చాక ఏ సందర్భంలో ఎక్కువ తప్పుతున్నారో విడదీసి, డ్యూటీ మారే సమయంలో వార్డులోనే చెప్పాలి, పేర్లు లేకుండా. ‘తాకేముందు’ తప్పుతుంటే సుద్ద గీత ఆట మళ్లీ ఆడించాలి. ‘వస్తువుల్ని తాకాక’ తప్పుతుంటే, శిక్షణకు ముందు ఆ మంచాల దగ్గర సీసా ఎక్కడుందో, అందులో రబ్ ఉందో లేదో వెళ్లి చూడాలి. మూడు నెలలకు మరోసారి లెక్క తీయాలి, ఈసారి రాత్రి డ్యూటీలో కూడా.