పగ్గం జారేది వైరు దగ్గరే

ఇంట్లో పాత స్పీకరు బాక్సు ఉంటే, దాని వెనక తగిలించిన వైర్లు రెండూ ఊడదీయండి. ముందున్న జాలీ తీసి, ఊఫర్ కోన్ మీద వేలితో మెల్లగా తట్టండి. మధ్యలో ఉండే బుడిపె మీద మాత్రం వద్దు, అది సొట్ట పడుతుంది. "డుమ్మ్" అని కాస్త సాగే మోత వినిపిస్తుంది. ఇప్పుడు బాక్సు వెనక ఉన్న ఎరుపు, నలుపు టెర్మినళ్లను చిన్న రాగి తీగ ముక్కతో కలిపేసి మళ్లీ తట్టండి. ఈసారి "టప్" అని వెంటనే ఆగిపోతుంది. కోన్ అదే, వేలూ అదే. కోన్ చేతికి కొంచెం బరువెక్కినట్టు కూడా అనిపిస్తుంది. తీగ ముక్కకు బదులు పది ఓముల రెసిస్టర్ పెడితే, మోత ఆ రెండిటికీ మధ్యరకంగా ఉంటుంది. (ఈ పని బాక్సుకు యాంప్లిఫయర్ తగిలించి ఉండగా చెయ్యకండి. ఔట్‌పుట్‌ను షార్ట్ చేస్తే యాంప్లిఫయర్ పోతుంది.)

కరెంటే లేని బాక్సులో బ్రేకు ఎక్కణ్ణుంచి వచ్చింది? సైకిలుకు డైనమో ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. డైనమోను చక్రానికి ఆనించి లైటు వెలిగిస్తే పెడల్ బరువెక్కేది. లైటు వైరు తెగిపోయి ఉంటే మాత్రం చక్రం అంత బరువుగా తిరిగేది కాదు. కరెంటు పారితేనే ఆ కరెంటు చక్రానికి ఎదురు తిరుగుతుంది. ఊఫర్ వెనకా ఇదే కథ. కోన్‌కు అతికించిన తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, అయస్కాంతం సందులో ముందుకీ వెనక్కీ కదులుతుంది. కదిలినప్పుడల్లా అది చిన్న జనరేటరుగా మారుతుంది. దానిలో పుట్టిన కరెంటు తిరిగి రావడానికి దారి ఉంటే, అదే కరెంటు కోన్‌ను పట్టి ఆపుతుంది. దారిలో నిరోధం ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది.

పాట మోగుతున్నప్పుడు ఆ దారి ఏది? వైరు గుండా యాంప్లిఫయర్‌కు వెళ్లి, దాని ఔట్‌పుట్ గుండా తిరిగి, రెండో వైరు మీదుగా వెనక్కి రావడమే. యాంప్లిఫయర్ స్పీకరును తోస్తుందనే మనం అనుకుంటాం. డోలు మీద దెబ్బ పడి ఆగిన మరుక్షణం కోన్ తన బరువుతో ఊగుతూనే ఉంటుంది, అప్పుడు దాన్ని పట్టి ఆపాల్సింది కూడా యాంప్లిఫయరే. ఈ ఆపే శక్తికి పెట్టిన కొలత పేరే డ్యాంపింగ్ ఫ్యాక్టర్. లెక్క చాలా చిన్నది. స్పీకరు ఇంపెడెన్సును యాంప్లిఫయర్ ఔట్‌పుట్ ఇంపెడెన్సుతో భాగిస్తే వచ్చేదే ఇది. ఎనిమిది ఓముల స్పీకరుకు 0.02 ఓము ఔట్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ పెడితే 400 వస్తుంది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో ఇలాంటి పెద్ద అంకెలు మామూలే. ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపి తప్పు సరిదిద్దుకునే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పద్ధతి వాటిలో గట్టిగా పనిచేస్తుంది. దీన్ని 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టాడు.

బ్రోచర్లలో పెద్దక్షరాలతో అచ్చయ్యేది ఈ 400 అంకే. అది యాంప్లిఫయర్ వెనక స్క్రూల దగ్గర కొలిచినది. స్పీకరుకు ఆ స్క్రూలు కనిపించవు. దానికి కనిపించేది వైరు చివర.

తెనాలి దగ్గర ఓ ఫంక్షన్ హాల్లో మా బావమరిది కూతురి పెళ్లికి వెళ్లినప్పుడు ఈ సంగతి నాకు బాగా వినిపించింది. డోలు దెబ్బలు దేనికది తెగకుండా, ఒకదాని తోక ఇంకోదాని నెత్తిన పడుతున్నాయి. స్టేజీ పక్కన కూర్చున్న సౌండు కుర్రాణ్ణి అడిగితే, "లేదు సార్, ఇది మంచి యాంప్లిఫయర్. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ నాలుగొందలు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. హాలు రెండో చివర నిలబెట్టిన రెండు 18 అంగుళాల బేస్ బాక్సులకు స్టేజీ నుంచి పాతిక మీటర్ల వైరు లాగారు. మామూలు సన్న ఫ్లెక్సిబుల్ వైరు, ముప్పావు స్క్వేర్‌ది. రెండు బాక్సులూ దానికే ప్యారలల్‌గా తగిలించారు.

లెక్క వేద్దాం. ముప్పావు స్క్వేర్ రాగి ఫ్లెక్సిబుల్ వైరుకు మీటరుకు సుమారు 0.026 ఓము నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి పాతిక మీటర్లు యాభై అవుతాయి. మొత్తం 1.3 ఓములు. ఎనిమిది ఓముల బాక్సులు రెండు ప్యారలల్ అంటే నాలుగు ఓములు. యాంప్లిఫయర్ 0.02, వైరు 1.3 కలిపి 1.32. నాలుగును దీనితో భాగిస్తే వచ్చేది 3. నాలుగొందలు కాదు, మూడు. రేపు ఆ కుర్రాడు అప్పు చేసి డ్యాంపింగ్ ఫ్యాక్టర్ నాలుగువేలున్న యాంప్లిఫయర్ కొన్నా, ఆ వైరు చివర వచ్చేది మూడే.

పనిలో పనిగా పవర్ సంగతీ చూడండి. నాలుగు ఓముల బాక్సుల ముందు 1.3 ఓముల వైరు కూర్చుంటే, యాంప్లిఫయర్ ఇచ్చిన దానిలో దాదాపు పావు వంతు దారిలోనే వేడిగా పోతుంది.

అయితే ఇక్కడే చాలామంది రెండోవైపు పొరపడతారు. నాలుగొందలు మూడుకు పడిపోయింది కదా, ఊఫర్ మీద పట్టు నూటికి పైగా రెట్లు సడలిందనుకుంటారు. అంత లేదు. ఎందుకంటే కరెంటు తిరిగే దారిలో మనం తీసెయ్యలేని నిరోధం ఒకటుంది, అది వాయిస్ కాయిల్ తీగ సొంత నిరోధం. ఎనిమిది ఓములని రాసున్న 18 అంగుళాల ఊఫర్‌ను మీటరుతో కొలిస్తే ఐదున్నరకు అటూ ఇటూ చూపిస్తుంది. రెండు ప్యారలల్‌గా ఉంటే 2.7 ఓములు అనుకుందాం. యాంప్లిఫయర్ పక్కనే బాక్సులు పెడితే మొత్తం దారి నిరోధం 2.72. ఆ సన్న వైరుతో అది 4.02 అయింది. అంటే బ్రేకు బలం మూడింట రెండు వంతులు మిగిలింది, మూడో వంతు పోయింది. నూరు రెట్లు కాదు. కానీ చెవికి తెలియడానికి మూడో వంతు చాలు.

ఆ మూడో వంతు చెవికి ఎలా తెలుస్తుంది? ఊఫర్ తనకిష్టమైన ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గర సులువుగా ఊగుతుంది. అక్కడ దాని ఇంపెడెన్స్ బాగా పెరుగుతుంది. మన రెండు బాక్సులు కలిపి అక్కడ 20 ఓములు, మిగతా చోట్ల 3 ఓములు చూపిస్తాయనుకోండి. 1.3 ఓముల వైరు దాటి 20 ఓముల చోటికి వోల్టేజిలో 94 శాతం చేరుతుంది, 3 ఓముల చోటికి 70 శాతమే. అసలే తేలిగ్గా ఊగే చోట ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. డెసిబెల్స్‌లో రెండున్నర తేడా. ఒక స్వరం దగ్గర ఉబ్బు, దెబ్బ ఆగాక తోక. రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. అందుకే అలాంటి బేస్‌లో ఏ పాటైనా ఒకే స్వరం మీద మూలుగుతున్నట్టు ఉంటుంది.

మరి అంకె ఎంత ఉంటే చాలు? అదే లెక్క తిప్పి చూస్తే తెలుస్తుంది. అదే పాతిక మీటర్లకు నాలుగు స్క్వేర్ రాగి వైరు వేస్తే, మీటరుకు 0.005 ఓము చొప్పున మొత్తం పావు ఓము. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 15. బ్రేకు బలం 92 శాతం. యాంప్లిఫయర్‌ను బాక్సుల పక్కకే జరిపి ఐదు మీటర్ల వైరుతో సరిపెడితే ఫ్యాక్టర్ 57, బలం 98 శాతం. అక్కణ్ణుంచి ఫ్యాక్టర్‌ను ఎంత పెంచినా మిగిలింది రెండు శాతమే. దానికోసం డబ్బు తగలేసేవాళ్లున్నారు, ఆడియో దుకాణాలు బతికేది వాళ్లమీదే. నా లెక్కలో వైరు చివర 20 దాటితే వైరు సంగతి మరిచిపోవచ్చు. 10 లోపు ఉంటే ముందు వైరు చూడాలి. వాల్వు యాంప్లిఫయర్లు వాడేవాళ్లకు ఈ మాట వర్తించదు. వాటి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వల్ల వాటి అంకె అసలే చిన్నది, వైరు దాన్ని పెద్దగా చెడగొట్టేదేమీ ఉండదు.

వైరును అనుమానించే ముందు దాన్ని కొలవాలి. మల్టీమీటరు ప్రోబులు రెండూ ముందు ఒకదానికొకటి తాకించండి. అది చూపే అంకె, సాధారణంగా 0.2 లేక 0.3, ప్రోబుల సొంత నిరోధం. వైరు దూరపు చివర రెండు కొసలూ కలిపేసి ఇవతలి చివర కొలిచి, అందులోంచి ఆ అంకె తీసెయ్యండి. తక్కువ నిరోధాల దగ్గర మామూలు మీటర్లు అంత నమ్మకమైనవి కావు. అందుకని ఇంకో పద్ధతి ఉంది. తక్కువ వాల్యూంలో 50 హెర్ట్జ్ టోన్ మోగించి, యాంప్లిఫయర్ స్క్రూల దగ్గర ఏసీ వోల్టేజి చూడండి, తర్వాత బాక్సు టెర్మినళ్ల దగ్గర చూడండి. అక్కడ 10 వోల్టులు, ఇక్కడ 7.5 ఉంటే దోషి దొరికినట్టే. ఇక్కడ 9.7 ఉంటే వైరు నిర్దోషి.

ఒక్కోసారి పైన లావుగా కనిపించిన వైరు కూడా ఓడిపోతుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. పైన రాగిరంగు, లోపల వెండిరంగు వస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. అదే మందం రాగి వైరు కంటే దాని నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు. పైన వెండిరంగు, లోపల రాగి ఉంటే భయం లేదు, అది తగరం పూసిన రాగి. జాయింట్లూ చూడాలి. మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన నాలుగు జాయింట్లు ఒక్కోసారి వైరు మొత్తం కన్నా ఎక్కువ నిరోధం తెస్తాయి. తుప్పు పట్టాక మరీను.

హాలు గోడల మోతను కూడా వైరు ఖాతాలో వేసెయ్యకూడదు. నున్నటి గోడలు, గచ్చు నేల ఉన్న హాల్లో బేస్ దానంతటదే సాగుతుంది. తేడా తెలుసుకోవాలంటే ఒక బాక్సును యాంప్లిఫయర్ పక్కకు తెచ్చి, రెండు మీటర్ల లావు వైరుతో అదే పాట వెయ్యాలి. తోక తెగిపోతే తప్పు వైరుది. తెగకపోతే తప్పు గోడలది. దానికి ఏ యాంప్లిఫయరూ మందు కాదు.

పెళ్లి అయ్యాక రాత్రి ఆ కుర్రాడికి ఇదంతా ఓ భోజనం ఆకు వెనక రాసి చూపించాను. "అయితే నాలుగు స్క్వేర్ కొనాలా సార్? పాతిక మీటర్లంటే రెండు వైర్లకీ చాలా అవుతుంది" అన్నాడు. కొనక్కర్లేదన్నాను. యాంప్లిఫయర్‌ను బాక్సుల పక్కకు జరిపి, మిక్సరు నుంచి అక్కడికి మైకు కేబుల్ లాగితే చాలు. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ వేల ఓముల్లో ఉంటుంది కాబట్టి ఆ సిగ్నల్ వైరులో ఒకటిన్నర ఓము లెక్కలోకే రాదు. రెండు నెలల తర్వాత అదే హాల్లో ఇంకో పెళ్లికి వెళ్తే యాంప్లిఫయర్ బేస్ బాక్సుల వెనకే ఉంది. పాత సన్న వైరు మాత్రం ఎక్కడికీ పోలేదు. గేటు దగ్గర సీరియల్ బల్బులకు దాన్నే కట్టారు.