బూదికోట పేరులోనే పద్యము నడక: తెలుగు భాషా దినోత్సవానికి ఒక ఆటవెలది, ఒక ఆహ్వానము

ఆగస్టు 29వ తేదీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జయంతి. ఆ దినమునే తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నారు. కోలారు జిల్లాలో, బంగారుపేట తాలూకాలోని బూదికోట పరిసర గ్రామాలలో ఈ పండుగకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఇక్కడ ఎన్నో ఇండ్లలో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరము కన్నడము. అవ్వతో తెలుగులో తడబడక మాట్లాడే పిల్లవాడు తెలుగు పుస్తకము చేతికిస్తే చదవలేడు. అందువలన పద్యము తన వంటివారికి కాదనుకొని సభలో వెనుక వరుసలో కూర్చుంటాడు. అయితే పద్యము కంటికంటె ముందు చెవికి సంబంధించినది. అక్షరము రానివారు కూడ ఆటవెలదిని విని పోల్చగలరు, నేర్చుకొని చెప్పగలరు, తప్పు ఎక్కడ పడినదో పట్టగలరు. అది ఏ విధముగానో ఒక చిన్న పద్యముతో చూడవచ్చును.

ముందుగా గిడుగువారిని గురించి ఒక మాట. ఆయన 1863లో శ్రీకాకుళము ప్రాంతపు పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. చుట్టుపక్కల కొండలలో ఉండే సవరల భాషను స్వయముగా నేర్చుకొన్నారు. ఆనాడు ఆ భాషకు వ్రాత లేదు. గిడుగువారు తెలుగు అక్షరాలతోనే సవర పాఠాలు వ్రాసి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. మనిషి నోట ఉన్న మాటే అసలు భాష, లిపి దానికి తొడిగిన చొక్కా వంటిది అని ఆ పని చూచినవారికి తోస్తుంది. బడి పుస్తకాలలో జీవద్భాష ఉండవలెనని తెలుగునాట ఆయన నడిపిన ఉద్యమానికి కూడ ఇదే మూలము. 1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరినది. ఆ సంవత్సరమే ఆయన రాజమహేంద్రవరానికి తరలిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఒక భాషను వేరొక భాష లిపిలో వ్రాసి చదివించిన ఈ సరిహద్దు ఉపాధ్యాయుని ఉదాహరణ బూదికోటవారికి ఎంతగా పనికివస్తుందో ముందు ముందు తెలుస్తుంది.

ఇక పద్యము సంగతి. ఛందస్సులో మొదటి పాఠము గురువు, లఘువు. ఒక చిటికె వేసేంత కాలములో పలికేది లఘువు. దానికి రెట్టింపు కాలము పట్టేది గురువు. దీర్ఘము ఉన్న అక్షరము గురువు, సున్న ఉన్న అక్షరము గురువు, ఒత్తు అక్షరానికి ముందున్నది కూడ గురువు. "పొద్దు" అన్నప్పుడు పొ హ్రస్వమే అయినా, తరువాత ద్దు ఉన్నందున నాలుక అక్కడ కొంచెము ఆగుతుంది. అందుచేత పొ గురువు.

ఇప్పుడు ఊరి పేరు పలికి చూడవచ్చును. బూ గురువు, ది లఘువు, కో గురువు, ట లఘువు. గురువు వెంట ఒక లఘువు వస్తే దానిని గలము లేక హగణము అంటారు. మూడు లఘువులు వరుసగా వస్తే నగణము. ఈ రెండిటికే సూర్యగణాలని పేరు. రెండిటికీ మూడేసి మాత్రల కాలము పడుతుంది. అనగా "బూది" ఒక సూర్యగణము, "కోట" ఇంకొక సూర్యగణము. ఊరి పేరే ఆటవెలది పాదానికి సిద్ధమైన ఆరంభము. కన్నడములో ఈ పేరు చివర టె వస్తుంది, తెలుగులో ట వస్తుంది. రెండూ హ్రస్వాలే కనుక నడక మారదు.

ఈ ఆరంభాన్ని తీసుకొని, ఉదాహరణ కొరకు కట్టిన పద్యము ఇది:

బూదికోట బడికి పొద్దున పోవగా
కన్నడమ్ము సాగు గలగలాడి
సందెవేళ నమ్మ చల్లగా పిలిచిన
తెలుగులోనె మనసు తిరిగి వచ్చు

భావము సులభము. ఉదయము బూదికోట బడికి వెళ్ళేటప్పుడు నోట కన్నడము గలగలమని సాగుతుంది. సాయంకాలము అమ్మ చల్లగా పిలిస్తే మనసు తెలుగులోనే ఇంటికి మళ్ళుతుంది. మూడవ పాదములో "వేళ నమ్మ" అన్నది "వేళన్, అమ్మ" అనే రెండు మాటల కలయిక. ఇందులో కన్నడాన్ని తక్కువ చేసే మాట లేదు. గలగల అన్నది పారే నీటికి, ఆడే పిల్లలకు వాడే మాట. పగటికి ఒక భాష, సందెకు ఒక భాష అని పద్యము పంచిపెట్టింది, అంతే.

ఆటవెలదికి నాలుగు పాదాలు. ఒకటవ, మూడవ పాదాలలో మొదట మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండవ, నాలుగవ పాదాలలో అయిదూ సూర్యగణాలే. ఇంద్రగణము సూర్యగణము కంటె పెద్దది. దానికి నాలుగు లేక అయిదు మాత్రలు ఉంటాయి. నియమిత రూపాలు ఆరు మాత్రమే. మొదటి పాదమును విడదీస్తే బూది, కోట, బడికి అనే మూడు సూర్యగణాలు, పొద్దున, పోవగా అనే రెండు ఇంద్రగణాలు వస్తాయి. రెండవ పాదము కన్న, డమ్ము, సాగు, గలగ, లాడి అని విరుగుతుంది. మూడవది సందె, వేళ, నమ్మ, చల్లగా, పిలిచిన. నాలుగవది తెలుగు, లోనె, మనసు, తిరిగి, వచ్చు. మాట విరిగే చోటు, గణము విరిగే చోటు ఒకటే కానక్కరలేదు. "కన్నడమ్ము" రెండు గణాలుగా చీలినా చెవికి ఇబ్బంది లేదు.

ఈ లెక్కను చేతితో చప్పట్లు వేస్తూ చెప్పుకొంటే కాగితము లేకుండానే తెలిసిపోతుంది. ప్రతి గణానికి ఒక చప్పట. బేసి పాదములో చివరి రెండు చప్పట్ల మధ్య కొంత సాగుబాటు ఉంటుంది. సరి పాదములో అన్ని చప్పట్లూ సమానముగా పడతాయి. ఒక పాదము సాగడము, తరువాతి పాదము కుదురుకోవడము, ఇదే ఆటవెలది నడక. పై పద్యములో నాలుగవ పాదము వినగా మిగిలినవాటి కంటె తేలికగా పరుగెడుతుంది. కారణము అందులోని అయిదు గణాలలో మూడు (తెలుగు, మనసు, తిరిగి) పూర్తిగా లఘువులే కావడము. ఇంటివైపు మళ్ళిన పిల్లల అడుగులు ఆ పరుగులో వినిపిస్తాయి.

రెండవ నియమము యతి. పాదము మొదటి అక్షరానికి, నాలుగవ గణము మొదటి అక్షరానికి పొత్తు కుదరవలెను. హల్లుకు హల్లు, అచ్చుకు అచ్చు చెలిమి చేయవలెను. బూకు పొ పొత్తు, ఎందుకనగా బ, ప ఒకే వర్గములోనివి, ఊ, ఒ కూడ మిత్రులు. కకు గ పొత్తు. సంకు చ పొత్తు. తెకు తి పొత్తు. ఈ నాలుగు జోడులే పద్యమును జ్ఞాపకములో కట్టివేసే ముళ్ళు. చదువు రాని అవ్వలు సైతము వేమన పద్యాలను మరువకపోవడానికి ఈ ముళ్ళు ఒక కారణము. వేమన పద్యాలలో ఎక్కువ భాగము ఈ ఆటవెలదిలోనే ఉన్నవి.

తప్పు ఎట్లా పడుతుందో కూడ చూడవలెను. "పొద్దున" తీసి "ఉదయాన" అని పెడితే గణము సరిపోతుంది, అర్థమూ మారదు. కాని బూకు ఉతో హల్లు కలియదు, యతి తప్పుతుంది. పాదము నడుమ ముడి జారినట్లు చెవికి తెలుస్తుంది. "కన్నడమ్ము" బదులు "కన్నడము" అంటే ఒక మాత్ర తగ్గి, రెండవ చప్పట పడవలసిన చోట పడదు. "తెలుగులోనె" అన్నదానిని పుస్తక భాషలో "తెలుగులోనే" అని సాగదీస్తే ఒక మాత్ర ఎక్కువై నాలుగవ పాదము కుంటుతుంది. ఇక్కడ ఇంటి మాటే పద్యానికి సరిపోయింది. వేదికపై చదివేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. భయముతో హ్రస్వాలను సాగదీస్తారు, తొందరతో ఒత్తులను తేలికపరుస్తారు. చప్పట తప్పితే తప్పు అక్కడే ఉన్నదని గుర్తు.

తెలుగు చదవలేనివారు ఈ పద్యమును కన్నడ అక్షరాలలో వ్రాసుకోవచ్చును. గిడుగువారు సవరకు చేసినది ఇదే. కన్నడ లిపిలో హ్రస్వమైన ఎ, ఒ ఉన్నవి, ళ, ణ ఉన్నవి, ఒత్తులూ సున్నా ఉన్నవి. కనుక ఒక్క గురువు గాని, లఘువు గాని పోదు. "చల్లగా"లోని చ పలుకు మాత్రము కన్నడ చ కంటె వేరుగా, పళ్ళ దగ్గర పుడుతుంది. ఆ తేడా తెలుగు లిపి కూడ నేడు చూపడము లేదు. ఇంటిలో విన్న చెవే దానికి గురువు.

ఒక్క చోట జాగ్రత్త అవసరము. కన్నడ పాఠ్యపుస్తకాలలో అర్ధచంద్రము వంటి గిన్నె గుర్తు లఘువుకు, అడ్డగీత గురువుకు వాడతారు. తెలుగు పుస్తకాలలో అదే గిన్నె గుర్తు గురువుకు, నిలువుగీత లఘువుకు వాడతారు. ఒక పద్ధతి నేర్చిన విద్యార్థి రెండవ పద్ధతి చూస్తే లెక్క అంతా తలక్రిందులవుతుంది. గుర్తులు వేరైనా లోపలి లెక్క చుట్టమే. కన్నడ త్రిపదిలో చెప్పే బ్రహ్మగణము, విష్ణుగణము తెలుగులోని సూర్యగణానికి, ఇంద్రగణానికి తోబుట్టువులు. సర్వజ్ఞుని త్రిపది బడిలో చదివిన పిల్లవానికి ఆటవెలది సగము తెలిసినట్లే.

ఇక ఆహ్వానము. ఆగస్టు 29 సాయంకాలము బూదికోటలో గాని, చుట్టుపక్కల పల్లెలలో గాని, గుడి అరుగు మీదనో బడి ఆవరణలోనో సాహిత్య మిత్రులు నలుగురు చేరి ఓపెన్ మైక్ పెట్టుకొంటే, దానికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. ముందుగా పేరు ఇచ్చుకొన్నవారికీ, అప్పటికప్పుడు లేచినవారికీ సమానముగా మూడు నిమిషాలు చాలును. పద్యమును ఒకసారి అర్థము తెలిసేటట్లు విడివిడిగా, మరొకసారి నడకతో చెప్పి, రెండు వాక్యాలలో భావము చెప్పవలెను. కాగితము తెలుగులో ఉన్నా, కన్నడ లిపిలో ఉన్నా, అసలు లేకపోయినా అభ్యంతరము ఉండకూడదు. చదివేటప్పుడు ఎవరూ మధ్యలో ఆపి దిద్దరాదు. తప్పులను తరువాత చప్పట్లతో కూర్చుని చూసుకోవచ్చును. మైకును నోటికి ఎదురుగా కాక జానెడు దూరములో, కొంచెము ప్రక్కగా పట్టుకోవలెను. లేకపోతే "పొద్దున పోవగా" అన్నచోట రెండు ప అక్షరాలూ మైకులో ఢబఢబమని మ్రోగి మాట వినబడదు.

వచ్చేవారు గొప్ప కావ్యాలు తేనక్కరలేదు. అవ్వ చెప్పిన పొడుపుకథ, జోలపాట, కంఠస్థమైన వేమన పద్యము, సొంతముగా కట్టిన ఒక్క పాదము, ఏదైనా చాలును. సొంతముగా కట్టదలచినవారు తమ ఊరి పేరును గురు లఘువులుగా విడదీసి చూడవలెను. బూదికోటవారికి మొదటి రెండు గణాలు సిద్ధముగానే ఉన్నవి. మిగిలిన మూడూ పూరించి తెచ్చేవారందరికీ, విననిచ్చగించే వారి అవ్వాతాతలకూ ఆ సాయంకాలము ఇదే ఆహ్వానము.